ఆటోలోంచి తీసిన టు-లెట్ బోర్డు: వాలిపోయిన అక్షరాల్ని నిలబెట్టి చదవడం ఎలా?

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ఫోటో గురించి మాట్లాడుకుందాం. ఆ ఫోటో మా మౌలాలిలోనే, హెచ్.బి. కాలనీ వైపు ఒక గల్లీలో తీసింది. తీసింది నేను కాదు, నా ఇంజనీరింగ్ ఫ్రెండ్.

వాడు వాళ్ళమ్మగారి కోసం ఇల్లు వెతుకుతున్నాడు. ఆంటీకి మోకాళ్ళ నొప్పులు. మెట్లెక్కలేరు కాబట్టి గ్రౌండ్ ఫ్లోరే కావాలి, అదీ మా ఏరియాలోనే కావాలి. రెండు నెలలుగా దొరకట్లేదు. ఒకరోజు సాయంత్రం ఆటోలో వెళ్తుంటే ఒక ఇంటి కాంపౌండ్ గ్రిల్‌కి కట్టిన ఫ్లెక్సీ కనిపించింది. ఆటో ఆపించే టైమ్ లేదు, రాత్రి ట్రైన్ ఉంది. ఫోన్ బయటపెట్టి టక్కున ఒక ఫోటో కొట్టాడు. ఫోన్‌లో ఉన్న యాప్ ఆ ఫోటోలోంచి నంబర్ తీసిచ్చింది. ఆ నంబర్‌కి చేస్తే అవతలాయన "ఇక్కడ ఇల్లూ లేదు, ఏం లేదు" అని పెట్టేశాడు. మావాడు అప్పటికే అద్దెకి పోయింది అనుకున్నాడు. ట్రైన్ ఎక్కాక నాకు మెసేజ్ పెట్టాడు: "పోయింది మామా, ఇది కూడా పోయింది" అని, కింద ఆ ఫోటో.

నేను ఆ ఫోటో చూసి ముందు అడిగింది ఒకటే. "యాప్ చెప్పిన నంబర్ కరెక్టే అని నీకెలా తెలుసు?" వాడి దగ్గర జవాబు లేదు. అక్కడ్నించి మొదలైంది ఈ ఎపిసోడ్.

బోర్డు తప్పు కాదు, మనం నిలబడిన చోటు తప్పు

మౌలాలి రైల్వే స్టేషన్‌కి వెళ్తే ప్లాట్‌ఫామ్ చివర పసుపు రంగు మీద నల్ల అక్షరాలతో స్టేషన్ పేరు బోర్డు ఉంటుంది కదా. ఆ బోర్డుని పట్టాల పక్కనే, వచ్చే రైలుకి ముఖం పెట్టి నిలబెడతారు. రైల్లో ఉన్నవాడు దాన్ని ఎదురుగా చూస్తాడు. అదే షాపు బోర్డు అనుకోండి, గ్రిల్‌కి కట్టిన ఫ్లెక్సీ అనుకోండి, గోడ మీద సినిమా పోస్టర్ అనుకోండి, ఇవన్నీ రోడ్డుకి సమాంతరంగా ఉంటాయి. రోడ్డు దాటి అవతల పక్క నిలబడితేనే అవి ఎదురుగా కనిపిస్తాయి. రోడ్డు వెంబడి పోయేవాడికి ఎప్పుడూ ఏటవాలుగానే కనిపిస్తాయి. గల్లీ ఎంత ఇరుకైతే ఆ వాలు అంత ఎక్కువ.

మావాడి ఫోటోలో ఆ ఫ్లెక్సీ సుమారు 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు. దాని మీద మూడు లైన్లు. పైన "ఇల్లు అద్దెకు ఇవ్వబడును". దాని కింద "గ్రౌండ్ ఫ్లోర్". అన్నిటికన్నా కింద, బోర్డు ఈ చివర్నించి ఆ చివరి దాకా 10 అంకెల ఫోన్ నంబర్. నాకు వచ్చిన ఫోటో సైజు 1600 బై 1200 పిక్సెల్స్. అందులో బోర్డు దగ్గర అంచు 332 పిక్సెల్స్ ఎత్తుంది, దూరపు అంచు 221 పిక్సెల్స్ ఎత్తే ఉంది. రెండు అంచులూ నిజానికి ఒకే ఎత్తు. కాబట్టి దూరపు అంచు కెమెరాకి ఒకటిన్నర రెట్లు దూరంలో ఉందని అర్థం. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే, దూరమైతే చిన్నగా కనిపిస్తుంది.

ఇప్పుడు చాలామంది గమనించని విషయం చెప్తాను. ఎత్తు తగ్గిన లెక్కలోనే వెడల్పు తగ్గదు. దూరం ఒకటిన్నర రెట్లయితే ఎత్తు ఒకటిన్నర రెట్లు తగ్గుతుంది. వెడల్పు మాత్రం ఒకటిన్నర ఇంటూ ఒకటిన్నర, అంటే రెండుంబావు రెట్లు తగ్గుతుంది. ఎందుకంటే వెడల్పుకి రెండు దెబ్బలు పడతాయి. ఒకటి, దూరం వల్ల చిన్నదవ్వడం. రెండోది, బోర్డు వెంబడి చూపు ముందుకు పోయేకొద్దీ అది గోడని ఇంకా ఇంకా రాసుకుంటూ పోతుంది, అంటే వాలు కూడా పెరుగుతుంది. అందుకే దూరపు చివర ఉన్న అక్షరాలు పొట్టిగా అయ్యేదానికంటే ఎక్కువగా సన్నబడిపోతాయి.

మన ఫోటోలో బోర్డు మొత్తం వెడల్పు 152 పిక్సెల్సే. నంబర్‌లో మొదటి అంకెకి దాని చుట్టూ ఖాళీతో కలిపి 22 పిక్సెల్స్ దొరికాయి. చివరి అంకెకి దొరికింది 10 పిక్సెల్స్. నిలువుగా చూస్తే ఆ చివరి అంకెకి కూడా దాదాపు 37 పిక్సెల్స్ ఉన్నాయి. అంటే పై నుంచి కిందకి బానే ఉంది, అడ్డంగానే ఏమీ లేదు. ఈ 10 అనే సంఖ్యని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

మధ్య ఎక్కడుంది?

సరే, ఈ బోర్డుని ఎదురుగా నిలబడి తీసినట్టు మార్చాలి. మొదట్లో నేనూ ఒక తప్పు చేశాను. అడ్డంగా సాగదీసి, కుడివైపు కొంచెం ఎత్తు పెంచితే సరిపోతుంది కదా అనుకున్నాను. సరిపోదు. ఎందుకో పెన్సిల్‌తోనే చూడొచ్చు.

ఫోటోలో బోర్డు నాలుగు మూలలూ గుర్తుపెట్టి, ఎదురెదురు మూలల్ని కలుపుతూ రెండు గీతలు గీయండి. అవి ఎక్కడ కలుస్తాయో అదే బోర్డు అసలు మధ్య. నిజం బోర్డు మీద కర్ణాలు మధ్యలో కలుస్తాయి, ఫోటోలో కూడా సరళరేఖ సరళరేఖగానే ఉంటుంది కాబట్టి ఈ లెక్క ఎప్పుడూ తప్పదు. మన ఫోటోలో ఎడమ అంచు 800వ పిక్సెల్ దగ్గర, కుడి అంచు 952 దగ్గర ఉంది. సగం చేస్తే 876 రావాలి. కర్ణాలు కలిసింది 891 దగ్గర. అంటే బోర్డులో మొదటి సగానికి ఫోటోలో 91 పిక్సెల్స్ వస్తే, రెండో సగానికి 61 మాత్రమే వచ్చాయి. ఊరికే సాగదీస్తే ఈ తేడా అలాగే ఉండిపోతుంది. ఎడమవైపు అక్షరాలు లావుగా, కుడివైపు అక్షరాలు ఇరుకుగా వస్తాయి.

ఈ తేడాని కూడా సరిచేసే లెక్కని హోమోగ్రఫీ అంటారు. పేరు పెద్దదే గానీ విషయం చిన్నది. ఒక సమతలం మీద ఉన్న ప్రతి బిందువూ ఫోటోలో ఎక్కడ పడుతుందో చెప్పడానికి 8 సంఖ్యలు చాలు. ఒక మూల ఫోటోలో ఎక్కడుందో, సరిచేసిన బొమ్మలో ఎక్కడుండాలో చెప్తే రెండు సమీకరణాలు వస్తాయి. నాలుగు మూలలకి ఎనిమిది. ఎనిమిది తెలియనివి, ఎనిమిది సమీకరణాలు, సరిగ్గా సరిపోయాయి. అందుకే నాలుగు మూలలు అడుగుతాం. మూడు సరిపోవు, ఐదోది అక్కర్లేదు.

ఓపెన్‌సీవీలో ఇది ఇంతే:

```python
import cv2
import numpy as np

img = cv2.imread("board.jpg")
src = np.float32([[800,430], [952,487], [952,708], [800,762]])
dst = np.float32([[0,0], [799,0], [799,399], [0,399]])
M = cv2.getPerspectiveTransform(src, dst)
flat = cv2.warpPerspective(img, M, (800, 400),
                           flags=cv2.INTER_CUBIC)
cv2.imwrite("flat.png", flat)
```

`src` అంటే ఫోటోలో కనిపించే మూలలు, `dst` అంటే అవి వెళ్ళాల్సిన చోట్లు. ఎడమ పైన మొదలుపెట్టి గడియారం తిరిగే దిశలో ఇచ్చాను. రెండు జాబితాల్లోనూ వరస ఒకటే ఉండాలి. ఒక్క మూల అటూ ఇటూ అయినా బొమ్మ మెలిపెట్టిన టవల్‌లా వస్తుంది, అప్పుడు తప్పు చూడగానే తెలిసిపోతుంది. సైజు 800 బై 400 ఎందుకంటే బోర్డు 6 బై 3, అంటే రెండుకి ఒకటి.

తెలియని తప్పు ఇంకోటి ఉంది. దూరపు మూలని రెండు పిక్సెల్స్ పక్కన నొక్కారనుకోండి. దగ్గరి మూల అయితే పెద్ద నష్టం ఉండదు. దూరపు చివర ఒక అంకె మొత్తం 10 పిక్సెల్సే కాబట్టి, ఆ రెండు పిక్సెల్స్ అంటే అంకెలో ఐదో వంతు. అందుకే దూరపు మూలల్ని ఫోటో బాగా జూమ్ చేసి నొక్కాలి.

సున్న గుండ్రంగా ఉందా?

సరిచేశాక అది సరిగ్గానే వచ్చిందని ఎలా తెలుస్తుంది? దీనికి మన తెలుగు లిపే ఒక కొలబద్ద. "గ్రౌండ్" అనే మాటలో సున్న ఉంది చూశారా, అది గుండ్రంగా ఉండాలి. నిలువు కోడిగుడ్డులా ఉంటే వెడల్పు తక్కువ ఇచ్చారని, అడ్డం కోడిగుడ్డులా ఉంటే ఎక్కువ ఇచ్చారని అర్థం. బోర్డు అసలు కొలత తెలియనప్పుడు నేను ఇదే చూస్తాను. సున్న గుండ్రంగా వచ్చేదాకా `dst` వెడల్పు మారుస్తాను. ఫోన్ నంబర్‌లో సున్నాని మాత్రం నమ్మకండి, అది పుట్టుకతోనే కోడిగుడ్డు.

రెండో పరీక్ష, బోర్డు అంచులు. పక్క అంచులు నిలువుగా, కింది అంచు తిన్నగా ఉండాలి. ఫ్లెక్సీ గాలికి ఉబ్బినా, మధ్యలో జారినా కింది అంచు విల్లులా వంగి కనిపిస్తుంది. అప్పుడది సమతలం కాదు, నాలుగు మూలల లెక్క దానికి పనిచేయదు. కొంచెం వంపే అయితే బోర్డుని నిలువుగా రెండు ముక్కలు అనుకుని, ఒక్కో ముక్కకి విడిగా నాలుగు మూలలు ఇచ్చి సరిచేస్తే సరిపోతుంది. కరెంటు స్తంభానికి చుట్టిన పోస్టర్ అయితే ఇది కుదరదు, ఆ వంపుకి వేరే లెక్క కావాలి.

మా ఫ్లెక్సీ నాలుగు పక్కలా బిగించి కట్టింది, కాబట్టి బతికిపోయాం. `flat.png` తెరిస్తే మూడు లైన్లూ తిన్నగా నిలబడ్డాయి.

వత్తులు ఎక్కడికి పోయాయి?

ఇప్పుడు అక్షరాలు చదివించడం. నేను వాడింది టెసరాక్ట్, ఫ్రీగా దొరుకుతుంది:

```
tesseract flat.png out -l tel+eng --psm 6
```

`--psm 6` అంటే "ఇదంతా ఒకే రాత ముక్క, లైన్ల వారీగా చదువు" అని చెప్పడం. రోడ్డు ఫోటో మొత్తాన్ని ఇచ్చేయకుండా, ముందు బోర్డుని కోసి, నిలబెట్టి, అప్పుడు ఇస్తున్నాం అని గమనించండి. ఇది పుస్తకం పేజీల కోసం చేసిన ప్రోగ్రామ్. వాలిన లైన్లని ఇస్తే చాలా తేలిగ్గా తడబడుతుంది.

మొదటిసారి నేను ఇంకో పొరపాటు చేశాను, అది తెలుగువాళ్ళందరికీ ఎదురయ్యేదే. బోర్డు మొత్తం కాకుండా పై లైన్ వరకే కోద్దాం అనుకుని, అక్షరాల పాదాల దగ్గర మూలలు నొక్కాను. వచ్చింది ఇది: "ఇలు అదెకు ఇవబడును". చూడగానే అర్థమైంది. ల కింద లావత్తు, ద కింద దావత్తు, వ కింద వావత్తు, మూడూ ఎగిరిపోయాయి. ఇంగ్లిష్ పెద్దక్షరాలకి పాదాల గీత దగ్గర కోస్తే ఏమీ పోదు. తెలుగులో సగం అర్థం ఆ గీత కిందే ఉంటుంది. పైన గుడులూ తలకట్లూ, కింద వత్తులూ ఉంటాయి కాబట్టి, లైన్ ఎత్తులో కనీసం సగమైనా కింద ఖాళీ వదిలి కోయాలి. వాలిన ఫోటోలో అయితే దగ్గర చివర ఎక్కువ, దూరపు చివర తక్కువ వదలాలి. ఇదంతా ఎందుకు, బోర్డు అంచులే మూలలుగా తీసుకుని మొత్తాన్ని సరిచేయడమే తేలిక. తర్వాత లైన్లు కోసుకోవచ్చు.

మళ్ళీ సరిగ్గా చేశాక "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అని వత్తులతో సహా వచ్చింది.

తెలుగు బోర్డులు చదివించడం కష్టం అని నేనొక్కడినే అనట్లేదు. మన ఊళ్ళోనే, మాకు పూర్తిగా అవతల చివర గచ్చిబౌలిలో ఉన్న ఐఐఐటీ హైదరాబాద్ వాళ్ళు 2017లో హిందీ, తెలుగు, మలయాళం వీధి బోర్డుల ఫోటోలతో ఒక డేటాసెట్ విడుదల చేశారు. దాని మీద వాళ్ళ మోడల్ తెలుగు మాటల్ని పూర్తిగా తప్పు లేకుండా చదివింది 100కి సుమారు 57. ఆ మోడల్‌కి నేర్పడానికి వాడింది యూనికోడ్ ఫాంట్లతో కంప్యూటర్‌లో తయారుచేసిన మాటల బొమ్మలు. మన ఫ్లెక్సీ షాపుల్లోనేమో చాలావరకు అను ఫాంట్లు వాడతారు, గోడల మీద పెయింటర్ చేతిరాత ఉంటుంది. అక్షరం ఒకటే అయినా ఆకారం వేరు.

తర్వాత వచ్చిన మోడల్స్‌లో కొన్ని, మనం చేత్తో చేసిన ఈ నిలబెట్టే పనిని కూడా తామే నేర్చుకుంటాయి. బొమ్మ అంచుల వెంబడి కొన్ని చుక్కలు తామే పెట్టుకుని, వంపు కూడా తీసి చదువుతాయి. బాగుంది. కానీ ఏ మోడల్ అయినా ఫోటోలో లేని పిక్సెల్‌ని తెచ్చి పెట్టలేదు. మళ్ళీ మన 10 పిక్సెల్స్ దగ్గరికి వచ్చాం.

మూడా, ఎనిమిదా?

సరిచేసిన బొమ్మ 800 పిక్సెల్స్ వెడల్పు, అంటే ఒక్కో అంకెకి 80. చివరి అంకెకి ఫోటోలో ఉన్నవి 10. ఆ పదిని ఎనభైకి సాగదీశాం. అంటే ప్రతి ఎనిమిది నిలువు వరసల్లో ఒకటే అసలుది, మిగతా ఏడూ పక్కవాటిని చూసి లెక్కగట్టి నింపినవి. చూడ్డానికి నున్నగా, అందంగా ఉంటుంది. కొత్త సమాచారం మాత్రం ఒక్క చుక్క కూడా లేదు.

మొదటి తొమ్మిది అంకెల్లో అనుమానం లేదు. చివరిది 8 అని మావాడి యాప్ చెప్పింది, టెసరాక్ట్ కూడా 8 అనే అంది. 8కీ 3కీ తేడా ఏంటి? ఎడమవైపు మూసి ఉందా, తెరిచి ఉందా, అంతే. ఆ బోర్డు మీద అంకె గీత మందం సుమారు అంగుళం. దూరపు చివర, చిన్న ఫోటోలో అంగుళం అంటే ఒకటిన్నర పిక్సెల్ కూడా రాదు. అంటే 8 అని తేల్చాల్సిన సాక్ష్యం మొత్తం ఒకటిన్నర పిక్సెల్ వెడల్పులో ఉంది. దాని మీద రెండు ప్రోగ్రాములూ ధైర్యంగా ఒక అంకె చెప్పేశాయి, అనుమానం ఉందని ఒక్కటీ చెప్పలేదు.

మావాడికి ఫోన్ చేశాను. "ఆ ఫోటోని మామూలుగా కాదు, డాక్యుమెంట్‌లా అటాచ్ చేసి పంపు" అన్నాను. మెసేజ్‌లో ఫోటోగా పంపితే చిన్నది చేసి పంపుతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. వచ్చింది, 4000 బై 3000. అన్నీ రెండున్నర రెట్లు. చివరి అంకెకి ఇప్పుడు 26 పిక్సెల్స్. మూలల సంఖ్యలన్నీ 2.5తో గుణించి అదే కోడ్ మళ్ళీ నడిపాను.

ఇంకా పూర్తిగా తేలలేదు. ఫోటో వివరాల్లో చూస్తే షట్టర్ సెకనులో 100వ వంతు అని ఉంది. ఆటో గంటకి 10 కిలోమీటర్ల వేగంతో మెల్లగా పోతోందనుకున్నా, అంత సమయంలో 2.8 సెంటీమీటర్లు జరుగుతుంది. అంగుళం అంటే రెండున్నర సెంటీమీటర్లు. గీత మందం కన్నా ఆటో జరిగిందే ఎక్కువ! కాబట్టి ప్రతి నిలువు గీతా పక్కకి తనంత మేర పూసుకుపోయింది. పిక్సెల్స్ పెరిగాయి, పూత కూడా వాటితోపాటే పెరిగింది. వాలుని లెక్కతో తీసేయొచ్చు గానీ, ఈ పూత అలా పోదు.

కానీ ఒకటి కనిపించింది. అదే నంబర్‌లో ముందు ఇంకో 8 ఉంది. దాని ఎడమ పక్క, కుడి పక్క రెండూ ఒకే నలుపు. చివరి అంకెలో కుడి పక్క నలుపు, ఎడమ పక్క బూడిద రంగు. పూత రెండు పక్కలా సమానంగానే పడుతుంది కదా, మరి ఒక పక్కే ఎందుకు పలచగా ఉంది? అక్కడ అసలు గీతే లేక, పక్క గీతల రంగు పూసుకుని ఉండొచ్చు. దీన్నిబట్టి ఇది 3 అని ఖాయంగా చెప్పలేం. కానీ "8 లేదా 3, ఎక్కువగా 3" అని చెప్పొచ్చు. ఇలాంటి ఫోటోకి నిజాయితీగా ఇవ్వగలిగిన జవాబు అదే.

పొద్దున్న మావాడు చివర 3 పెట్టి ఫోన్ చేశాడు. ఎత్తింది ఆ ఇంటి ఓనర్ ఆంటీ. ఇల్లు ఖాళీగానే ఉందట. ఆ సాయంత్రం నేనే వాళ్ళమ్మగారిని తీసుకెళ్ళి చూపించాను. గేటు ముందు, బోర్డుకి సరిగ్గా ఎదురుగా నిలబడి చూస్తే, చివరి అంకె 3. ముందురోజు చిరాకుపడ్డ ఆయన పాపం ఎవరో, 8 ఆయనది.

మీరు ఇలాంటి ఫోటో తీయాల్సొస్తే నాలుగడుగులు ముందుకేసి బోర్డుకి ఎదురుగా వచ్చి తీయండి. బండి ఆపలేకపోతే, బోర్డు దగ్గరికి రాకముందే కాదు, దాని పక్కనుంచి దాటే క్షణంలో ఫోన్‌ని నేరుగా దాని వైపు తిప్పి రెండు మూడు ఫోటోలు తీయండి. ముఖ్యమైన రాత దూరపు చివర ఉంటే అక్కడ ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయో జూమ్ చేసి లెక్కపెట్టండి. అంకెకి పదీ పన్నెండే ఉంటే, యాప్ ఏం చెప్పినా దాన్ని ఒక ఊహ అనే అనుకోండి.

అంతే ఈ ఎపిసోడ్. కోడ్ పైన ఉంది, మీ గల్లీలో వాలిపోయిన బోర్డు ఒకటి పట్టుకుని మూలలు మార్చి నడిపి చూడండి. సున్న గుండ్రంగా వచ్చిందో లేదో కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.